ఊపిరితిత్తుల రక్తపోటు: పొయ్యి పొగ నుంచి కుడి గుండె దాకా

ఊపిరితిత్తుల రక్తపోటు అంటే, గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకెళ్లే పుపుస ధమనుల్లో పీడనం ఉండాల్సినదానికన్నా పెరిగి అలాగే ఉండిపోవడం. వైద్యులు దీన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీ వేరు, ఇది వేరు. చేతి బీపీ 120/80 ఉండి, ఊపిరితిత్తుల్లో పీడనం మామూలుకు మూడింతలున్న మనుషులు ఉంటారు. మన ఊళ్లలో 'బీపీ చూశారు, బాగానే ఉందన్నారు' అనే మాట ఈ జబ్బు విషయంలో దేనికీ భరోసా ఇవ్వదు.

పడుకుని విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతుడిలో పుపుస ధమని సగటు పీడనం పాదరస మట్టంలో సుమారు 14 మిల్లీమీటర్లు. 1973లో జెనీవాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం 25ను హద్దుగా పెట్టింది. ఆ అంకె కొంత సౌకర్యం కోసం ఎంచుకున్నదే. 2018లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగిన ప్రపంచ సదస్సు దాన్ని 20కి దించాలని ప్రతిపాదించింది. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ఆ ప్రతిపాదనను ఖాయం చేశాయి. ఇప్పుడు సగటు పీడనం 20 దాటితే ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్నట్టే లెక్క.

ఇది ఒకే జబ్బు కాదు. అనేక జబ్బులు చివరికి చేరుకునే ఒక స్థితి. అందుకే కారణాన్ని బట్టి అయిదు వర్గాలు చేశారు. మొదటిది ధమనుల గోడలే చెడిపోయేది. అరుదైనది, కొన్నిసార్లు వంశపారంపర్యంగా వచ్చేది. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి మూయించుకోనివారిలో వచ్చేదీ ఈ వర్గమే. రెండోది ఎడమ గుండె జబ్బుల వల్ల వచ్చేది. ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల ద్విపత్ర కవాటం బిగుసుకుపోయిన వాళ్లు మన దగ్గర ఇందులోకి వస్తారు. మూడోది ఊపిరితిత్తుల జబ్బులు, ఆక్సిజన్ లోపం వల్ల వచ్చేది. నాలుగోది కరగకుండా మిగిలిపోయిన రక్తపు గడ్డలు ధమనులను మూసేయడం వల్ల వచ్చేది. పై నాలుగింటిలో ఇమడనివి అయిదోది. ఈ వ్యాసం ప్రధానంగా మూడో వర్గం గురించి. కోనరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో కట్టెల పొయ్యి ముందు దశాబ్దాలు గడిపిన ఆడవాళ్లకూ, బీడీ తాగిన మగవాళ్లకూ ఎక్కువగా వర్తించేది అదే.

తక్కువ పీడనం, మొత్తం ప్రవాహం

గుండె ఎడమ జఠరిక నుంచి నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తం ఒళ్లంతటికీ వెళుతుంది. కుడి జఠరిక నుంచీ సరిగ్గా అంతే రక్తం ఊపిరితిత్తులకు వెళుతుంది. అయినా రెండు వైపులా పీడనాలకు పోలికే లేదు. ఎడమ వైపు గుండె బిగిసినప్పుడు 120 దాకా ఉంటే, కుడి వైపు 25 దాటదు. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు వెడల్పుగా, పలుచని గోడలతో, లెక్కలేనన్ని కొమ్మలుగా చీలి ఉంటాయి. విశ్రాంతిలో వాటిలో చాలా భాగం సగం మూసుకునే ఉంటుంది. మనిషి బరువు మోసినా మెట్లెక్కినా ప్రవాహం పెరుగుతుంది, మూసుకున్న నాళాలు తెరుచుకుంటాయి, పీడనం మాత్రం పెద్దగా పెరగదు.

ఈ సులువైన పనికి తగ్గట్టే కుడి జఠరిక తయారైంది. దాని గోడ మందం మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు. ఎడమ జఠరిక గోడ దానికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ. ఎంత రక్తం వచ్చినా సర్దుకుని పంపడం కుడి జఠరికకు చేతనవును, ఎదురొత్తిడి మీద నెట్టడం చేతకాదు. కాలువలోంచి పక్క మడికి నీళ్లు తోడే చిన్న మోటారును లోతైన బోరులోకి దించితే ఎలా ఉంటుందో, ఎదురొత్తిడి పెరిగిన కుడి జఠరిక పరిస్థితి అలాగే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుడి జఠరిక మీద ఉన్నట్టుండి భారం పడితే, ఉదాహరణకు పెద్ద రక్తపు గడ్డ వచ్చి ధమనికి అడ్డుపడితే, అది సుమారు 40 మిల్లీమీటర్ల సగటు పీడనానికి మించి తేలేదు. అక్కడితో చేతులెత్తేస్తుంది. అదే భారం ఏళ్ల తరబడి మెల్లగా పెరిగితే గోడ మందమై, అంతకన్నా ఎక్కువ పీడనాన్నీ కొంతకాలం తట్టుకుంటుంది. పొగ వల్ల వచ్చే జబ్బులో జరిగేది ఈ రెండోది. రోగికి తెలియకుండా చాలా ఏళ్లు గడిచిపోవడానికి కారణం కూడా ఇదే.

పొగ ఎలా పీడనమవుతుంది

ఈ సంబంధాన్ని భారతదేశంలో ముందుగా పట్టుకున్నవారిలో డాక్టర్ ఎస్. పద్మావతి ముఖ్యులు. బర్మాలో పుట్టి, రంగూన్‌లో వైద్యం చదివి, అమెరికాలో హెలెన్ టౌసిగ్, పాల్ డడ్లీ వైట్‌ల దగ్గర గుండె వైద్యం నేర్చి, ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో పనిచేశారు. 2020లో 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల కుడి గుండె దెబ్బతిన్న 127 మందిని పరిశీలించి ఆమె, ఎస్. ఎన్. పాఠక్ 1959లో 'సర్క్యులేషన్' పత్రికలో వ్యాసం రాశారు. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో ఇది పొగతాగే మగవాళ్ల జబ్బుగా పేరుపడింది. ఢిల్లీలో లెక్క వేరుగా తేలింది. పొగతాగే అలవాటు ఆడవాళ్లలో చాలా తక్కువ. అయినా జబ్బు మగవాళ్లలో ఎంత తరచుగా ఉందో ఆడవాళ్లలోనూ దాదాపు అంతే ఉంది, పైగా వాళ్లకు చిన్న వయసులోనే వస్తోంది. పిడకలు, కట్టెలు కాల్చే వంటింటి పొగే దీనికి కారణమై ఉండాలని వాళ్లు భావించారు. వంటింటి పొగను గుండె వైద్యుల లెక్కలోకి తెచ్చిన పని ఇది. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

మన దగ్గరి అంకెలు కూడా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో కల్పనా బాలకృష్ణన్ బృందం వంటిళ్ల గాలిని కొలిచింది. 2004లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, గ్యాసు మీద వండే ఇళ్లలో గాలిలోని సన్నని ధూళి 24 గంటల సగటున ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, ఘన ఇంధనాలు కాల్చే ఇళ్లలో 732 దాకా ఉంది. ఆ పొగను ఎక్కువగా పీల్చేది వంట చేసే ఆడవాళ్లే అని కూడా తేలింది. పాత కరీంనగర్ జిల్లా ఆ అధ్యయనంలో లేదు. కానీ నిజామాబాద్‌కూ జగిత్యాలకూ మధ్య వంటచెరకులోనో వంటింటి కట్టుబడిలోనో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1999లో దీపం పథకంతో, 2016లో ఉజ్జ్వలతో గ్యాసు పొయ్యిలు ఇళ్లలోకి వచ్చాయి. అయినా నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి పెరట్లో మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు అరవై ఏళ్ల వయసున్న ఆమె ఊపిరితిత్తుల మీద తన పదిహేనో ఏటి నుంచి పీల్చిన పొగంతా లెక్కకు వస్తుంది.

ఈ ప్రాంతపు మరో రెండు పనుల గురించి ఇక్కడే చెప్పాలి. బీడీలు చుట్టే ఆడవాళ్లు రోజంతా తంబాకు పొడి పీలుస్తారు, సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో నూలు ధూళి ఉంటుంది. ఈ ధూళులు నేరుగా ధమనుల పీడనాన్ని పెంచవు. పెంచితే ముందుగా ఊపిరితిత్తుల జబ్బు తెచ్చి, ఆ దారిన పెంచాలి. పైగా పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు దూదేకడం, వడకడం దగ్గర ఎక్కువ, నేత దగ్గర తక్కువ. కాబట్టి ఒక బీడీ కార్మికురాలికి ఈ జబ్బు వస్తే నెపం తంబాకు పొడి మీదే వేసేయకుండా, ఆమె ఇంటి పొయ్యి గురించీ, ఇంట్లో బీడీ తాగేవాళ్ల గురించీ అడగడం న్యాయం.

పొగ ధమనుల్లో పీడనాన్ని పెంచే దారులు మూడు. వాటిలో మొదటిది శరీరం తన మేలు కోసం పెట్టుకున్న ఏర్పాటే. ఒంట్లో మరెక్కడైనా ఆక్సిజన్ తగ్గితే అక్కడి ధమనులు విప్పారతాయి. ఊపిరితిత్తుల్లో దీనికి తలకిందులుగా, ఆక్సిజన్ తగ్గిన చోట ధమనులు ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలతో దీన్ని చూపారు. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తిలో ఒక మూల గాలి ఆడకపోతే, అక్కడికి రక్తాన్ని తగ్గించి గాలి ఆడే వైపు మళ్లించడానికి ఇది పనికొస్తుంది. కానీ పొగ వల్ల శ్వాసనాళాలు అన్ని చోట్లా ఇరుకైనప్పుడు ముడత కూడా అంతటా పడుతుంది, మళ్లించడానికి వేరే చోటు మిగలదు. అలా ముడిచిన ధమనుల గోడల్లో ఏళ్లు గడిచేకొద్దీ కండర పొర మందమవుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ ఇచ్చినా అవి పూర్తిగా విప్పారవు.

రెండో దారి విధ్వంసం. గాలి తిత్తుల గోడలు తెగిపోయినప్పుడు, ఆ గోడల్లోనే అల్లుకుని ఉన్న కేశనాళికలు కూడా పోతాయి. అంతకుముందు చాలా దారుల్లో వెళ్లే రక్తం మిగిలిన కొద్ది దారుల్లోనే వెళ్లాల్సి వస్తుంది. మూడోది రక్తపు చిక్కదనం. ఆక్సిజన్ చాలడం లేదని గ్రహించిన మూత్రపిండాలు ఎర్ర కణాలను పెంచమని ఎముక మజ్జకు సంకేతం పంపుతాయి. హిమోగ్లోబిన్ 17, 18కి చేరుతుంది. చిక్కని రక్తాన్ని నెట్టడానికి ఇంకా బలం కావాలి. రక్తహీనత మామూలైన మన పల్లెల్లో ఒక నడివయసు ఆడమనిషికి హిమోగ్లోబిన్ 17 వస్తే 'రక్తం బాగుంది' అని సంతోషించకూడదు. ముందు వేలికి ఆక్సీమీటర్ పెట్టాలి.

కుడి గుండెలో జరిగేది

పీడనం పెరగడం మొదలైన కొత్తలో కుడి జఠరిక గోడ మందమవుతుంది. కండ గట్టిపడి ఎక్కువ బలంతో నెడుతుంది, రోగి తన పనులు చేసుకుంటూనే ఉంటుంది. ఏటవాలు ఎక్కితే ఆయాసం వస్తుంది. దాన్ని వయసు మీదకు నెట్టేస్తారు. కొంతకాలానికి గోడ మందం పెరగడం చాలక, జఠరిక ఉబ్బడం మొదలవుతుంది. ఉబ్బిన గది గోడ మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గది వ్యాసం పెరిగేకొద్దీ, అంతే పీడనం తేవడానికి గోడ మరింత బిగియాలి. ఇక్కడి నుంచి జబ్బు తనంత తానే ముదురుతుంది.

రెండు జఠరికలకూ మధ్య ఉన్న గోడ మామూలుగా కుడి వైపుకు ఉబ్బి ఉంటుంది. కుడి వైపు పీడనం పెరిగినప్పుడు అది చదునై, తర్వాత ఎడమ వైపుకు వంగుతుంది. ఎకోలో అడ్డంగా చూసినప్పుడు గుండ్రంగా ఉండాల్సిన ఎడమ జఠరిక అర్ధచంద్రాకారంలో కనిపిస్తుంది. చోటు తగ్గిన ఎడమ జఠరికకు రక్తం సరిగా నిండదు, ఒంటికి పంపే రక్తం తగ్గుతుంది. పుపుస ధమనుల్లో మొదలైన చిక్కు వల్ల మనిషికి కళ్లు తిరగడానికీ, నడుస్తూ స్పృహ తప్పడానికీ కారణం ఇదే. స్పృహ తప్పడం ఈ జబ్బులో తేలిగ్గా తీసుకోకూడని సంకేతం.

కుడి జఠరికకు రక్తం అందడంలోనూ ఒక మెలిక ఉంది. ఎడమ జఠరిక కండకు రక్తం గుండె సడలినప్పుడే బాగా అందుతుంది. బిగిసినప్పుడు లోపలి పీడనం దాని సొంత నాళాలను నొక్కేస్తుంది. కుడి జఠరికలో పీడనం తక్కువ కనుక దానికి బిగిసినప్పుడూ సడలినప్పుడూ రక్తం అందుతుంది. లోపలి పీడనం పెరిగేకొద్దీ ఈ వెసులుబాటు పోతుంది. పని పెరిగిన కండకు ఆహారం తగ్గుతుంది. గుండె ధమనుల్లో ఏ అడ్డూ లేకుండానే ఛాతీ నొప్పి రావచ్చు.

చివరికి కుడి జఠరిక ఉబ్బి, దానికీ కర్ణికకూ మధ్య ఉన్న త్రిపత్ర కవాటపు అంచు సాగుతుంది. కవాటం రెక్కలు కలవవు, గుండె బిగిసిన ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి కర్ణికలోకి, అక్కడి నుంచి సిరల్లోకి తంతుంది. మెడ సిర ఉబ్బుతుంది. కాలేయం ఉబ్బి, కుడి డొక్క కింద బరువుగా, నొప్పిగా ఉంటుంది. ఆకలి చచ్చిపోతుంది. పాదాలు, చీలమండలు పొంగుతాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ముదిరితే పొట్టలో నీరు చేరుతుంది. కుడి గుండె పడే ఇబ్బంది మొదట కాళ్లలోనూ పొట్టలోనూ బయటపడటం వల్ల, చాలామంది ముందు మూత్రపిండాల పరీక్షలూ కాలేయ పరీక్షలూ చేయించుకుని, ఆ తర్వాతే గుండె దగ్గరకు వస్తారు.

ఒక ఉదాహరణ లెక్క

కోనరావుపేట మండలంలోని ఒక ఊళ్లో 58 ఏళ్ల ఆమెను అనుకుందాం. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి, పక్కన బీడీల పని. చాలా ఏళ్లుగా దగ్గు, చలికాలంలో దమ్ము. నాలుగు నెలలుగా కాళ్లు పొంగుతున్నాయి. వేలికి ఆక్సీమీటర్ పెడితే 84 శాతం చూపిస్తుంది. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్షలో మొదటి సెకనులో వదిలే గాలి, ఉండాల్సినదానిలో 38 శాతమే. మొత్తం వదిలిన గాలిలో ఆ మొదటి సెకను వాటా కూడా తక్కువే కాబట్టి శ్వాసనాళాలు ఇరుకైన దీర్ఘకాలిక జబ్బు ఉందని ఖాయమవుతుంది. ఈసీజీలో కుడి గుండె మందమైన గుర్తులు, ఎక్స్‌రేలో పుపుస ధమని ఉబ్బి ఉండటం కనిపిస్తాయి.

తర్వాత ఎకో. ఎకో యంత్రం పీడనాన్ని నేరుగా కొలవదు. త్రిపత్ర కవాటం గుండా వెనక్కి తన్నే రక్తపు వేగాన్ని కొలుస్తుంది. ఆ వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే రెండు గదుల మధ్య పీడన తేడా వస్తుంది. ఆమెకు వేగం సెకనుకు 3.3 మీటర్లు అనుకుంటే, 3.3ను 3.3తో, దాన్ని నాలుగుతో గుణిస్తే సుమారు 44. కర్ణికలో పీడనాన్ని దాని కింది పెద్ద సిర ఉబ్బును చూసి అంచనా వేస్తారు. ఆమెకు సిర బాగా ఉబ్బి ఉంది కనుక 15 కలుపుతారు. మొత్తం 59. ఇది గుండె బిగిసినప్పటి పీడనం, సగటు కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేసి, ఎకో కాగితం మీద 59 చూసి, హద్దు 20 కదా, మూడింతలైందని బెంబేలెత్తే వాళ్లున్నారు. బిగిసినప్పటి పీడనం ఆరోగ్యవంతులకే 25 దాకా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి ఉన్న రోగుల్లో ఎకో కిరణాలు గుండె దాకా సరిగా చేరవు, అంచనా అటో ఇటో తప్పుతుంది. ఖాయంగా తెలియాలంటే కుడి గుండెలోకి క్యాథటర్ పంపాలి. అంటే మెడ సిర నుంచో తొడ సిర నుంచో ఒక సన్నని గొట్టాన్ని కుడి కర్ణిక, కుడి జఠరిక దాటించి పుపుస ధమని దాకా తీసుకెళ్లడం. 1929లో జర్మనీలో వెర్నర్ ఫార్స్‌మన్ అనే యువ వైద్యుడు ఇలాంటి గొట్టాన్ని తన చేతి సిర గుండా తన గుండెలోకే పంపుకున్నాడు. దాన్ని కొలత సాధనంగా మలిచిన కూర్నాన్, రిచర్డ్స్‌లతో కలిసి 1956లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినా, ఈ పరీక్షకు మాత్రం హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రికి వెళ్లడమే రివాజు.

ఆమెకు క్యాథటర్ చూపిన పీడనం బిగిసినప్పుడు 48, సడలినప్పుడు 22. సగటు 31. అంటే ఎకో ఎక్కువ చూపించింది. తర్వాత గొట్టం కొసన ఉన్న చిన్న బుడగను ఉబ్బించి ఒక కొమ్మను మూసి, దానికి అవతల ఎడమ గుండె వైపు పీడనం ఎంతో చూస్తారు. ఆమెకు అది 11. ఇది 15 దాటి ఉంటే తప్పు ఎడమ గుండెది. దాటలేదు కనుక అడ్డు ఊపిరితిత్తుల్లోనే ఉంది. గుండె పంపే రక్తం నిమిషానికి 4.5 లీటర్లు. 31లోంచి 11 తీసేస్తే 20. దాన్ని 4.5తో భాగిస్తే 4.4. ఇదే ఊపిరితిత్తుల నాళాల నిరోధం. దీన్ని బ్రిటిష్ గుండె వైద్యుడు పాల్ వుడ్ పేరిట వుడ్ యూనిట్లలో చెబుతారు. రెండు దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఈ 4.4 అంకెకు ఒక అర్థం ఉంది. పొగ జబ్బు ఒక్కటే అయితే పీడనం సాధారణంగా ఓ మోస్తరుగానే పెరుగుతుంది, ఇలాగే. నిరోధం అయిదు దాటితే, ఊపిరితిత్తుల జబ్బు ఒక్కటే కారణమని సరిపెట్టుకోకూడదు, మరో కారణం కూడా ఉందేమో వెతకాలి.

ఎక్కడ దారి తప్పుతారు

మొదటి పొరబాటు పాత రక్తపు గడ్డల కోసం వెతక్కపోవడం. కాలి సిరల్లో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, మందుకు కరగకుండా మచ్చలా గట్టిపడితే, నాలుగో వర్గపు రక్తపోటు వస్తుంది. ప్రసవం తర్వాతా, పెద్ద ఆపరేషన్ తర్వాతా, ఎముక విరిగి మంచాన పడ్డప్పుడూ కాలిలో గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చునే విమాన ప్రయాణాలూ కొంత తోడవుతాయి. గల్ఫ్‌కు వెళ్లివచ్చేవాళ్లు ఎక్కువున్న ఈ ప్రాంతంలో ఒక కాలే పొంగిందా, రెండూ పొంగాయా అని అడగడం పనికొచ్చే ప్రశ్న. రక్తాన్ని పలచబరిచే మందులు కనీసం మూడు నెలలు వాడిన తర్వాత కూడా అడ్డు మిగిలిందంటేనే దీన్ని నిర్ధారిస్తారు. ఊపిరితిత్తుల్లో గాలి ఆడే చోట్లనూ రక్తం ఆడే చోట్లనూ పోల్చే స్కాన్ దీనికి మంచి పరీక్ష. అది మామూలుగా ఉంటే ఈ రకాన్ని దాదాపు కొట్టేయవచ్చు. ఇంత పట్టింపు ఎందుకంటే, అయిదు వర్గాల్లో ఆపరేషన్‌తో నయం చేయగలిగే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇదే. మచ్చను ధమని లోపలి పొరతో సహా ఒలిచి తీస్తారు.

రెండో పొరబాటు కాళ్ల వాపు విషయంలో. పొగ జబ్బున్న మనిషికి కాళ్లు పొంగగానే కుడి గుండె ఓడిపోయిందని తేల్చేస్తారు. అన్నిసార్లూ అది నిజం కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. గుండె ఇంకా బాగానే ఉండగా కూడా వాపు రావచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర కూడా చీలమండలు పొంగేలా చేస్తుంది. మెడ సిర ఉబ్బి ఉందా లేదా అన్నది ఇక్కడ పెద్ద తేడా చెబుతుంది.

మూడోది వయసు లెక్కలో. ముప్పయ్యేళ్ల ఆమె ఆయాసంతో వస్తే, వంటింటి పొగ పేరు చెప్పి పంపేయకూడదు. ఆ వయసులో కవాటపు జబ్బో, మూయని గుండె రంధ్రమో, మొదటి వర్గపు రక్తపోటో ఉండే అవకాశం ఎక్కువ. మొదటి వర్గంలో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు.

చికిత్స

మూడో వర్గంలో ముందు చేయాల్సింది పీల్చే మందులతో ఊపిరితిత్తుల జబ్బును అదుపులో పెట్టడం, పొయ్యి పొగనూ బీడీనీ ఆపడం. తర్వాతది ఆక్సిజన్. మందుల దుకాణంలో దొరికే ఏ మాత్రకన్నా దీనికి బలమైన సాక్ష్యం ఉంది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1981లో ప్రకటించిన పరీక్షలో 87 మంది రోగులున్నారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో అయిదేళ్లలో 19 మంది చనిపోతే, తీసుకోని 45 మందిలో 30 మంది చనిపోయారు. ఆక్సిజన్ తీసుకోనివారిలో పుపుస ధమని పీడనం ఏటేటా పెరిగింది, తీసుకున్నవారిలో ఆ పెరుగుదల ఆగింది. అంతకు ముందు ఏడాది అమెరికాలో జరిగిన పరీక్షలో, రాత్రి పూట మాత్రమే తీసుకున్నవారికన్నా రోజంతా తీసుకున్నవారు ఎక్కువ మంది బతికారు. కాబట్టి ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుని తీసేసే ఆక్సిజన్ వల్ల ఉపశమనం దక్కుతుందేమో గానీ, కుడి గుండెకు మేలు జరగదు. గంటల లెక్కే ముఖ్యం.

ఎవరికి ఇవ్వాలన్నదానికీ హద్దు ఉంది. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లకు మించకపోతే, ఆక్సీమీటర్ లెక్కలో 88 శాతం దాటకపోతే, ఇంట్లో ఆక్సిజన్ అవసరం. కుడి గుండె దెబ్బతిన్న గుర్తులుంటే 59 దాకా ఉన్నా ఇస్తారు. ఎక్కువ ఇస్తే ఎక్కువ మంచిదనుకోవడం ప్రమాదం. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగికి ఆక్సిజన్ ధారాళంగా ఇస్తే ఆ వాయువు ఇంకా పేరుకుని మత్తులోకి జారిపోవచ్చు. ఆక్సీమీటర్ 88 నుంచి 92 మధ్య చూపిస్తే చాలు.

ఒంట్లో నీరు తీసే మాత్రలు కాళ్ల వాపునూ కాలేయం బరువునూ తగ్గిస్తాయి. ఉబ్బిన కుడి జఠరిక కొంత కుంచించుకుంటే నడిమి గోడ వెనక్కి జరిగి, ఎడమ జఠరికకు చోటు దొరుకుతుంది. అయితే నీరు మరీ లాగేస్తే కుడి గుండెకు నింపుకోవడానికి రక్తమే చాలక బీపీ పడిపోతుంది. రోజూ ఉదయం ఒకే త్రాసు మీద బరువు చూసుకోవడం ఇందుకే అడుగుతారు.

మొదటి వర్గానికి వాడే మందుల కథ వేరు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన ఎపోప్రోస్టెనాల్‌ను సిర ద్వారా ఆపకుండా ఎక్కించాలి. ఆ తర్వాత బోసెంటాన్, సిల్డెనాఫిల్ మాత్రలు వచ్చాయి. 2024లో సొటాటర్‌సెప్ట్ అనే ఇంజెక్షన్ వచ్చింది. ఇవి మొదటి వర్గపు రోగుల జీవితాన్ని మార్చాయి. అదే ఊపుతో సిల్డెనాఫిల్‌ను పొగ జబ్బు రోగులకూ రాసేయడం కనిపిస్తుంది. సాధారణంగా అలా చేయకూడదు. ఆక్సిజన్ లేని చోట ముడుచుకున్న ధమనులను ఈ మాత్ర బలవంతంగా విప్పితే, గాలి ఆడని మూలలకు రక్తం వెళ్లి, ఒంట్లో ఆక్సిజన్ ఇంకా తగ్గవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో ఆంబ్రిసెంటాన్, రియోసిగ్వాట్ అనే మందులు మేలుకు బదులు కీడు చేసినట్టు పరీక్షల్లోనే తేలింది. ఆ జబ్బుల్లో పీల్చే ట్రెప్రోస్టినిల్ మాత్రం కొంత పనికొచ్చింది.

ఇక ఉదాహరణలోని ఆమె ఇంటికి వద్దాం. ఆమెకు కావాల్సింది గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే కాన్సన్‌ట్రేటర్, రోజుకు 15 గంటలకు పైగా. అది కరెంటుతో నడిచేది కనుక, కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఒక సిలిండర్ పక్కన ఉండాలి. రాత్రి నిద్రలో ఎనిమిది గంటలు, మిగతావి పగలు కూర్చుని చేసుకునే పనులప్పుడు పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. పొడవాటి గొట్టం ఉంటే ఇంట్లో తిరగవచ్చు. ఆ గొట్టంతో కట్టెల పొయ్యి దగ్గరకు గానీ గ్యాసు పొయ్యి దగ్గరకు గానీ వెళ్లకూడదు, ఆ గదిలో ఎవరూ బీడీ ముట్టించకూడదు. ఆక్సిజన్ తడిసిన బట్టలకు నిప్పు అంటుకుంటే క్షణాల్లో లేస్తుంది. వంట మరొకరు చేయాల్సి వస్తుంది. ఇంట్లో ఇది ఒప్పించడం మందు రాయడం కన్నా కష్టమని ఈ రోగులను చూసే వైద్యులందరికీ తెలుసు. మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ పిలిచి, గాలిలో ఉన్నప్పుడూ ఆక్సిజన్ మీద ఉన్నప్పుడూ ధమని రక్తాన్ని పరీక్షిస్తారు, పెరిగిన హిమోగ్లోబిన్ దిగిందో లేదో చూస్తారు. దిగకపోతే మిషన్ మీద ఉన్న గంటల మీటరు చదువుతారు. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.